“మీకు తెలుసు కదా” అన్న చోట ఆగండి

ప్రశ్న: బెంగళూరులో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. కదిరి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇళ్ళలో పనిచేసే మా ఊరి ఆడవాళ్ళ మీద డిసర్టేషన్ చేస్తున్నాను. రిఫ్లెక్సివిటీ, పొజిషనాలిటీ గురించి రెండు పేజీలు రాయమని మా గైడు అన్నారు. నా కులం, ఊరు, చదువు రాసి ఇస్తే సరిపోలేదంటున్నారు. అందరూ నాకు తెలిసినవాళ్ళే. ఇంకేమి రాయాలి?

జవాబు:

ఆ రెండు పేజీలు కాసేపు పక్కన పెట్టి మీ ట్రాన్‌స్క్రిప్టులు తీయండి. “మీకు తెలుసు కదా”, “మీకు తెలియనిదేముంది” అన్న మాటలు వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. ఆ మాట తర్వాత మీరేమన్నారో చూడండి. నా మొదటి ఇంటర్వ్యూల్లో నేను దాదాపు ప్రతిసారీ “అవునవును” అని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను.

పొజిషనాలిటీ అంటే మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారు, ఎదుటివాళ్ళకు ఎవరిగా కనబడుతున్నారు అన్నది. ఆ స్థానం మీ ప్రశ్నలను, మీరు విన్న జవాబులను, వినకుండా వదిలేసినవాటిని ఎలా మలిచిందో పని సాగినంతకాలం వెతుకుతూ ఉండటం రిఫ్లెక్సివిటీ. మీరు మొదటిది రాసి ఇచ్చారు. మీ గైడు అడుగుతున్నది రెండోది.

నా సంగతే చెబుతాను. మా మేనమామ ఇక్కడ మేస్త్రీ. ఊళ్ళ నుంచి మనుషులను తెచ్చి అపార్ట్‌మెంట్ల పనుల్లో పెట్టేవాడు. ఎం.ఫిల్. కోసం కూలీల అడ్వాన్సులు, అప్పుల మీద పని మొదలుపెట్టినప్పుడు రేకుల షెడ్ల దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది ఆయనే. ఇతరులకు నెలలు పట్టే పరిచయం నాకు ఒక్క ఆదివారంలో అయిపోయింది. దానికి గర్వపడ్డాను కూడా. పన్నెండు మందితో మాట్లాడితే పన్నెండు మందీ ఒకటే చెప్పారు: అడ్వాన్సు ఇస్తాడు, శనివారం బట్వాడా తప్పడు, కష్టమొస్తే ఆదుకుంటాడు. కూలీలో కోతల సంగతి అడిగితే “నీకు తెలియనిదేముంది పాపా” అన్నారు. నాకు తెలుసనే అనుకున్నాను. అడ్వాన్సు తీసుకున్నవాళ్ళ కూలీలోంచి వారం వారం కొంత పట్టుకుంటారు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో విన్న లెక్క అది. “మామూలు కోత” అని కోడ్ పెట్టి ముందుకు సాగాను.

తర్వాత షెడ్ల పక్కన టీ కొట్టు నడిపే ఆమె, మా మామయ్య దగ్గర పని మానేసి వేరేచోట చేరిన ఎనిమిది మందిని చూపించింది. వాళ్ళు చెప్పిన కోత వేరు. అడ్వాన్సు ఎంత తీరిందో మేస్త్రీ పుస్తకంలోనే ఉంటుంది, కూలీ చేతిలో కాగితం ఉండదు. భర్త తీసుకున్న అడ్వాన్సు కింద భార్య కూలీ కూడా జమ అవుతుంది. నా పన్నెండు ట్రాన్‌స్క్రిప్టుల్లో భార్య కూలీ అన్న మాటే లేదు. నేను అడగలేదు, ఎందుకంటే మా ఇంట్లో ఆ లెక్క “జంట కూలీ” అని ఒకే అంకెగా వినబడేది.

అప్పుడు నేను చేసిన రెండో తప్పు, మొదటి పన్నెండు మంది దాచారు, ఈ ఎనిమిది మంది నిజం చెప్పారు అని తేల్చేయడం. టీ కొట్టు ఆమెకూ మా మామయ్యకూ పాత బాకీ తగాదా ఉందని నెల తర్వాత తెలిసింది. ఆమె చూపించినవాళ్ళు ఆయనతో గొడవపడి వెళ్ళినవాళ్ళు. ఆ దారిలో వెళ్ళినా నా స్థానం నాతోనే వచ్చింది, కాకపోతే ఈసారి మేస్త్రీ మీద ఫిర్యాదు వినే మనిషినయ్యాను.

చివరికి దారి చూపింది ఒక పట్టిక. ఒక్కో ఇంటర్వ్యూకు ఎదురుగా నాలుగు సంగతులు రాశాను: ఎవరు పరిచయం చేశారు, ఎక్కడ కూర్చున్నాం, మాట వినబడేంత దూరంలో ఎవరున్నారు, నన్ను ఏమని పిలిచారు. “పాపా” అన్నవాళ్ళు మేస్త్రీ మేనకోడలితో మాట్లాడుతున్నారు. “మేడం” అన్నవాళ్ళు ఎక్కడో రిపోర్టు రాసే మనిషితో మాట్లాడుతున్నారు. మధ్యలో ఒకామె “పాపా” నుంచి “మేడం”కు మారింది. ఎక్కడా అని చూస్తే, నేను కోత గురించి అడిగిన చోట.

మొదటి పన్నెండు మందిలో నలుగురి దగ్గరికి తిరిగి వెళ్ళాను. ఈసారి ప్రశ్న మార్చాను: “నాకు తెలిసింది మేస్త్రీ ఇంటి లెక్క. మీ ఇంటి లెక్క చెప్పండి. పోయిన శనివారం ఇద్దరికీ కలిపి ఎంత రావాలి, చేతికి ఎంత వచ్చింది?” అభిప్రాయం అడగకుండా ఒకే ఒక్క శనివారం అడిగాను. ఇద్దరు చెప్పారు. ఒకాయన నవ్వేశాడు. ఒకామె “మీ మామయ్యనే అడుగు” అంది. ఆ నవ్వునూ ఆ మాటనూ కూడా థీసిస్‌లో ఉంచాను. మొదటి పన్నెండు ఇంటర్వ్యూలను పారేయలేదు. కోతలు లేవనడానికి అవి సాక్ష్యం కావు. మేస్త్రీ బంధువు ముందు కూలీ ఎలా మాట్లాడతాడో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు.

కులం సంగతి ఇంకా మెల్లగా అర్థమైంది. ఒకామె నన్ను “ఊళ్ళో మీది ఏ వీధి?” అని అడిగింది. రామాలయం వీధి అన్నాను. ఇంట్లో బిందె నిండా నీళ్ళున్నా కొడుకును కొట్టుకు పంపి కూల్‌డ్రింక్ తెప్పించింది. ఆ రాత్రి డైరీలో “ఎంత మర్యాద!” అని రాసుకున్నాను. మూడు వారాల తర్వాత చదువుకుంటే సిగ్గేసింది. తన ఇంటి నీళ్ళు నేను తాగననే లెక్కతో ఆమె ఇద్దరికీ ఇబ్బంది తప్పించింది. అందుకే డైరీలో పేజీ మధ్య గీత గీయండి. ఎడమవైపు జరిగింది, కుడివైపు మీకు అనిపించింది. కుడివైపు తర్వాత వేరే రంగు సిరాతో దిద్దండి, కొట్టేయవద్దు.

సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి పల్లెలో పని చేసినప్పుడు ఊరి పెద్ద ఇచ్చిన ఇంట్లోనే ఉన్నారు. తనకు దొరికింది పైకులాల చూపు అని తర్వాత ఆయనే రాశారు. అంతటివారికి తప్పనిది మనకు తప్పుతుందా?

రాయడానికి వస్తే, మీ కులం, ఊరు ముందుమాటలో ఒకసారి చెప్పి మరచిపోతే లాభం లేదు. అది జవాబును మార్చిన చోటే చెప్పాలి. నా కూలీల అధ్యాయంలో ఇలా రాశాను: “ఈ పన్నెండు సంభాషణలు మేస్త్రీ పరిచయంతో జరిగాయి. కాబట్టి కోతల గురించిన మౌనాన్ని కోతలు లేవన్న అర్థంలో తీసుకోలేదు.” మీ విషయంలో నేను మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ ఆడవాళ్ళలో ఎవరైనా మీ బంధువుల ఇళ్ళలో పనిచేస్తున్నారా? చేస్తుంటే సెలవుల గురించి, పాచి కూర గురించి వాళ్ళు మీతో ఎందుకు మాట్లాడతారు?

సొంతవాళ్ళ మీద పనిచేసేవాళ్ళకు ఒక చిక్కు ప్రత్యేకంగా ఉంది. మీ గురించి నిజాయితీగా ఎంత రాస్తే, చదివేవాళ్ళు వాళ్ళను అంత తేలిగ్గా గుర్తుపడతారు. “మా మేనమామ మేస్త్రీ” అని రాసిన మరుక్షణం ఆ సైటు, ఆ జంటలు బయటపడతారు. అందుకని థీసిస్‌లో “ఒక దగ్గరి బంధువు” అని మాత్రమే రాసి, ఊరి పేరు, సైటు పేరు తీసేశాను. ఇక్కడ కూడా కొన్ని గుర్తులు మార్చే చెప్పాను.

ఆ రోజుల్లో భోజనాల దగ్గర మామయ్య “ఏం చెబుతున్నారు మనవాళ్ళు?” అని అడిగేవాడు. “మీరు మంచివారంటున్నారు” అనేదాన్ని. అది అబద్ధం కాదు. థీసిస్ అయ్యాక చదివి చెప్పమన్నాడు. మొదటి అధ్యాయం తెలుగులో చెప్పాను, కోతల అధ్యాయం చెప్పలేదు. అది కూడా కుడివైపు రాసి ఉంది.