‘ఎంత–అంత’ వాక్యాలు దిద్దేటప్పుడు

బిడ్డా,

నువ్వు పంపిన తొమ్మిదో తరగతి కాగితాలు రాత్రే చదివిన. ‘ద మోర్ యు ప్రాక్టీస్, ద బెటర్ యు బికమ్’ అన్న మాదిరి మీద పిల్లలు సొంతంగా వాక్యాలు రాసిండ్రు కదా. ఎనుమాముల మార్కెట్ చూసిన పిల్లగాడెవరో రాసిన వాక్యం దగ్గర నువ్వు ప్రశ్నార్థకం పెట్టి వదిలేసినవ్. అది ‘ద మోర్ ద కాటన్ ఈజ్ వెట్, ద మోర్ ద ప్రైస్ విల్ బి లెస్’. దాన్నే దిద్దుదాం.

ముందు తప్పు ఎక్కడినుంచి వచ్చిందో చూడు. ‘పత్తి ఎంత తడిగా ఉంటే ధర అంత తక్కువ’ అంటం మనం. మన భాషలో ‘తడి’ రూపం మారదు, ‘ఎంత’ ఒక్కటే పని చేస్తది. వాడు ఆ ‘ఎంత’ను ‘ద మోర్’ చేసి ముందు పెట్టి, ‘వెట్’ను ఉన్నచోటే ఉంచిండు. ఇంగ్లీషులో పోలిక మాట మొత్తంగా ముందుకు రావాలె.

అందుకే రెండు సగాలను విడదీసి, మామూలు వాక్యాలుగా రాయించు. ‘ద కాటన్ ఈజ్ వెటర్.’ ‘ద ప్రైస్ విల్ బి లోవర్.’ ధరకు ‘లెస్’ కాదు, ‘లో’ వాడుతరు కాబట్టి అదీ ఇక్కడే బయటపడ్డది. ఇప్పుడు పోలిక మాటను తీసి, ముందు ‘ద’ తగిలించి, మొదట్ల పెట్టు: ‘ద వెటర్ ద కాటన్ ఈజ్, ద లోవర్ ద ప్రైస్ విల్ బి.’ క్రియలు రెండూ తీసేసినా వాక్యం నిలుస్తది: ‘ద వెటర్ ద కాటన్, ద లోవర్ ద ప్రైస్.’ క్రియ లేదని కొత్తలో నేను ఇట్లాంటి వాక్యాలకు మార్కులు కోసిన. ఆ పిల్లల ముఖాలు యాదికొస్తే ఇప్పటికీ బాధైతది.

అట్లని ‘మోర్’ కనబడ్డ చోటల్లా కొట్టేయకు. ‘యు ప్రాక్టీస్ మోర్’ సరైన వాక్యమే, అందులో మారేది సాధన పరిమాణం. కాబట్టి ‘ద మోర్ యు ప్రాక్టీస్’ ఒప్పు. ‘యు బికమ్ మోర్ బెటర్’ నిలవదు, కాబట్టి ‘ద మోర్ బెటర్’ తప్పు. ‘డిఫికల్ట్’ లాంటి పెద్ద మాటకు ‘మోర్’ ఉంటది, కానీ రెండూ కలిసే కదలాలె: ‘ద మోర్ డిఫికల్ట్ ద లెసన్ ఈజ్’. నామవాచకమైనా అంతే, ‘ద మోర్ బుక్స్ యు రీడ్’.

ఇంకొకటి, ఈ ‘ద’ మామూలు ఆర్టికల్ కాదు. పాత ఇంగ్లీషులో ‘అంత మేరకు’ అని చెప్పే మాట నుంచి వచ్చింది. అందుకే రెండు సగాల్లోనూ ఉండాలె. మొదటి సగంలో ‘విల్’ ఉంటే కొట్టేయి, రెండో సగంలో ఉండొచ్చు.

నాలుగో కాగితంలో ‘ద మోర్ ఐ రీడ్ బుక్స్, ద బెటర్ ఐ విల్ బికమ్ గుడ్’ అని ఉన్నది. విడదీసి చూడు. చివర ఆ ‘గుడ్’ ఎందుకు మిగిలిపోయిందో ఆ అమ్మాయితోనే చెప్పించు.

మీ పెద్దబాపు
హన్మకొండ