‘మీకు తెలియజేయబడును’ అంటే మాట ఇచ్చినట్టేనా?

సందేహం: మాది అనంతపురంలో డ్రిప్ పరికరాల కంపెనీ. నాలుగు ఉద్యోగాలకు ప్రకటన ఇస్తే వందల దరఖాస్తులు వస్తున్నాయి. దరఖాస్తు చేరగానే ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది. 15 రోజులలో మీకు సమాచారం తెలియజేయబడును’ అని మెయిల్ దానంతటదే వెళ్తుంది. అందరికీ జవాబివ్వడం మావల్ల కాదు. ‘ఏమాయె సార్’ అని రోజూ ఫోన్లు. మాట ఇవ్వకుండా గడువు చెప్పాలంటే ఎట్లా రాయాలి?

సమాధానం: ఫోన్లు చేసేవాళ్ల తప్పేమీ లేదు. ‘మీకు’ అన్నాక ‘తెలియజేయబడును’ అన్నా ‘తెలియజేస్తాం’ అన్నా చదివేవారికి అది మాటే. ‘బడు’ చేరిస్తే చేసేవారు కనబడకుండా పోతారు గాని, ఇచ్చిన మాట ఎక్కడికీ పోదు. మార్చాల్సింది ‘మీకు’ని. ‘వేరుశనగ పండిస్తాం’ అన్నప్పుడు మన ‘-తాం’ అలవాటును చెబుతుంది, ‘రేపు వస్తాం’ అన్నప్పుడు రాబోయేదాన్ని. ‘ఎంపికైనవారికి ఫోన్ చేస్తాం’ అంటే మీ పద్ధతి చెప్పినట్టవుతుంది, చదివే మనిషికి మాట ఇచ్చినట్టు కాదు.

ఇక ఆ 15 రోజులు. దరఖాస్తులకు ఆఖరు తేదీ అక్టోబరు 20 అనుకుందాం. 1వ తేదీన పంపినవారు 16న ఫోన్ చేస్తారు. అప్పటికి మీరు ఒక్కటీ తెరిచి ఉండరు. 20న పంపినవారు నవంబరు 4 దాకా చూస్తారు. ఒకే మెయిల్ అందరికీ వెళ్తుంది కాబట్టి రోజుల లెక్క వద్దు, తేదీ వేయండి. ‘పరిశీలనలో ఉన్నది’ కూడా ఇట్లాంటిదే. మెయిల్ వెళ్లే క్షణానికి నిజమైనది ఒక్కటే, దరఖాస్తు అందడం.

‘సమాచారం రావచ్చు’ అని తప్పించుకోవాలనిపిస్తుంది. దయచేసి వద్దు. ‘వచ్చు’ ఆశను తెరిచే ఉంచుతుంది, ఎప్పటిదాకా చూడాలో చెప్పదు. ఆ ఎదురుచూపులో ఒకరు ఇంకో ఉద్యోగం వదులుకోవచ్చు. తలుపు మూసే పని ‘రాకపోతే’ చేస్తుంది. నేనైతే ఇట్లా రాస్తాను:

> మీ దరఖాస్తు అందింది. ఆఖరు తేదీ అక్టోబరు 20 తర్వాత అన్ని దరఖాస్తులూ చూస్తాం. ఇంటర్వ్యూకు ఎంపికైనవారికి మాత్రమే నవంబరు 10లోగా ఫోన్ చేస్తాం. దరఖాస్తులు వందల్లో వస్తుంటాయి కాబట్టి మిగతావారికి విడిగా జవాబు పంపలేం. నవంబరు 10 దాటినా ఫోన్ రాకపోతే ఈసారి ఎంపిక కాలేదని అనుకోండి.

‘వచ్చాయి’ అనకుండా ‘వస్తుంటాయి’ అన్నది ఎందుకంటే, మొట్టమొదట పంపినవారికీ ఇదే మెయిల్ వెళ్తుంది. ‘పంపము’ అంటే ఇష్టం లేనట్టు, ‘పంపలేం’ అంటే వీలు కానట్టు. ‘మాత్రమే’ జాగ్రత్త: ‘ఎంపికైనవారికి ఫోన్ మాత్రమే చేస్తాం’ అంటే మెయిల్ రాదని అర్థం, మిగతావారి సంగతి తేలదు.

10వ తేదీకి పని తెమిలేలా లేకపోతే మెయిల్‌లో తేదీ మారిస్తే చాలదు. పాతది అందుకున్నవారందరికీ కొత్త తేదీ పంపండి. లేకపోతే ఎంపిక కాలేదనుకున్నవారిలో ఒకరికి మీరు 12న ఫోన్ చేయాల్సి వస్తుంది, అప్పటికి ఆ మనిషి వేరేచోట చేరిపోయి ఉంటారు.