ఫైనల్ ఆఫర్ ఆర్బిట్రేషన్, మెడ్-ఆర్బ్: లా విద్యార్థి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఐదేళ్ల లా కోర్సు నాలుగో సంవత్సరం చదువుతున్నాను. ఆర్బిట్రేషన్ రంగంలో స్థిరపడాలని ఉంది. ఫైనల్ ఆఫర్ ఆర్బిట్రేషన్, మెడ్-ఆర్బ్ పద్ధతుల్లో ఇరుపక్షాలూ సహేతుకమైన ప్రతిపాదనలతో వస్తాయని మా అధ్యాపకులు చెప్పారు. అది ఎలా జరుగుతుంది? ఈ పని చేయాలంటే నేను ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందుగా ఒక లెక్క చూడండి. ఒక కాంట్రాక్టరు 90 లక్షల రూపాయలు రావాలంటున్నాడు, భవన యజమాని 30 లక్షలకు మించి ఇవ్వనంటున్నాడు. మామూలు ఆర్బిట్రేషన్‌లో ఆర్బిట్రేటర్ తన లెక్క ప్రకారం ఎంత మొత్తానికైనా అవార్డు, అంటే తీర్పు, ఇవ్వవచ్చు. చివరికి ఆయన రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఆగుతాడని ఇద్దరూ అనుమానిస్తారు కాబట్టి, కాంట్రాక్టరు తన అంకెను పెంచుతాడు, యజమాని తన అంకెను తగ్గిస్తాడు. ముందే దిగివస్తే నష్టపోతామన్న భయంతో రాజీ చర్చలు అసలు మొదలే కావు. ఈ చిక్కుకు విరుగుడుగా 1966లో కార్ల్ స్టీవెన్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్త సూచించిన మార్గం చాలా సరళమైనది: ఇరుపక్షాలూ చెరొక తుది ప్రతిపాదన ఇస్తాయి, ఆర్బిట్రేటర్ వాటిలో ఒకదాన్ని యథాతథంగా ఎంచుకోవాలి, సొంత అంకె వేయకూడదు. ఇదే ఫైనల్ ఆఫర్ ఆర్బిట్రేషన్.

ఇప్పుడు అదే వివాదాన్ని ఈ నియమం కింద నడిపి చూద్దాం. ఆర్బిట్రేటర్ మనసులోని న్యాయమైన మొత్తం 55 లక్షలు అనుకోండి, దానికి దగ్గరగా ఉన్న ప్రతిపాదననే ఆయన ఎంచుకుంటాడు. కాంట్రాక్టరు 70కి దిగి, యజమాని 30 దగ్గరే నిలబడితే, 55కు 70 దూరం 15, 30 దూరం 25 కాబట్టి కాంట్రాక్టరుదే గెలుపు. ఇది గ్రహించిన యజమాని 45కు వస్తే దూరం 10కి తగ్గి గెలుపు అతని వైపు తిరుగుతుంది. కాంట్రాక్టరు 62కు దిగితే దూరం 7 మాత్రమే అవుతుంది, గెలుపు మళ్లీ అతనిది. మొదట్లో 60 లక్షలున్న తేడా ఇప్పుడు 17 లక్షలైంది. ఆ దూరంలో లాయర్లు చాలావరకు విచారణ కంటే రాజీనే కోరుకుంటారు. ఇందులో ఎవరి మంచితనమూ లేదు, అతిగా అడిగినవాడు మొత్తంగా ఓడిపోతాడన్న భయమే వారిని దగ్గరకు తెస్తుంది. అయితే ఆర్బిట్రేటర్ మనసులోని అంకె ఎవరికీ కచ్చితంగా తెలియదు కాబట్టి రెండు ప్రతిపాదనలూ పూర్తిగా కలిసిపోవు, నష్టానికి ఎక్కువగా భయపడే పక్షమే ఎక్కువ దూరం దిగివస్తుంది.

ఈ పద్ధతిలో దశాబ్దాల అనుభవం అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌కు ఉంది. అక్కడ ఆటగాళ్ల జీతాల వివాదాలు 1974 నుంచి ఇలాగే తేలుతున్నాయి. 2024లో టొరంటో జట్టు ఆటగాడు వ్లాదిమిర్ గెరెరో జూనియర్ 1 కోటి 99 లక్షల డాలర్లు అడగగా, జట్టు 1 కోటి 80 లక్షల 50 వేలు ఇస్తామన్నది. ఆర్బిట్రేటర్లు ఆటగాడి అంకెనే ఎంచుకున్నారు. అంటే అతని విలువ సరిగ్గా అంతేనని వారు తేల్చారని కాదు. రెండు అంకెలకూ నడిమధ్య ఉన్నది 1 కోటి 89 లక్షల 75 వేలు, అతని విలువ దానికంటే ఒక్క డాలరు ఎక్కువని నమ్మించినా చాలు. కాబట్టి అనుభవమున్న న్యాయవాది వాదనంతా తన అంకె చుట్టూ కాకుండా ఆ మధ్యబిందువు చుట్టూ నడుపుతాడు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అక్కడ ఈ విధానం నిలబడటానికి ముఖ్య కారణం ఉమ్మడి కొలమానం ఉండటం. అంతే అనుభవమున్న ఇతర ఆటగాళ్ల జీతాలు, ఆట గణాంకాలు ఇరుపక్షాల ముందూ ఉంటాయి, జట్టు ఆర్థిక స్థితిని ప్రస్తావించకూడదన్న నిబంధనా ఉంది. పోల్చదగిన లెక్కలు లేని వివాదంలో ఇదే పద్ధతి లాటరీలా మారుతుంది. అలాగే డబ్బుతో పాటు గడువులు, హామీలు, పని నాణ్యత కలగలిసిన వివాదానికీ ఇది అంతగా నప్పదు. ప్రతిపాదన మొత్తాన్ని ఒకే మూటగా ఎంచుకోవలసి వస్తే, అందులోని ఒక అన్యాయమైన షరతు కూడా గెలిచిపోతుంది. విచారణలో ఎదుటివాడి విలువ తగ్గించి చూపక తప్పదు కాబట్టి సంబంధాలూ దెబ్బతింటాయి. 2023లో జీతం వివాదంలో మిల్వాకీ జట్టు చేతిలో ఓడిన ఆటగాడు కార్బిన్ బర్న్స్ ఈ మాట బహిరంగంగానే చెప్పాడు.

కలిసి పనిచేయవలసినవారి మధ్య మెడ్-ఆర్బ్ ఉపయోగపడేది ఇందుకే. అందులో ముందు మీడియేషన్ జరుగుతుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కు వెళ్తారు, చాలాసార్లు రెండు దశలకూ ఒకే వ్యక్తి ఉంటారు. ఎదురుగా కూర్చున్న మీడియేటరే రేపు తీర్పు చెబుతారని తెలిసినప్పుడు అసంబద్ధమైన కోరికతో విశ్వాసం పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధపడరు. కానీ అదే కారణంతో నోరు కూడా విప్పరు. రెండు నెలల ఆలస్యం తన కూలీల వల్లనేనని కాంట్రాక్టరు మీడియేటర్ దగ్గర విడిగా ఒప్పుకుంటే, ఆ మాటకు జవాబిచ్చే అవకాశం యజమానికి రాదు, దాన్ని మరచిపోయి తీర్పు చెప్పడం మీడియేటర్‌కూ సాధ్యం కాదు. ఆ అవార్డును కోర్టులో సవాలు చేయడానికి అదే ఆధారమవుతుంది. అందుకే మన దేశంలో, పార్టీలు ఒప్పుకుంటే తప్ప మీడియేటర్ అదే వివాదంలో ఆర్బిట్రేటర్ కాకూడదన్నది సాధారణ నియమం. దీనికి మినహాయింపు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం: బకాయిల వివాదంలో రాజీకి ప్రయత్నించిన ఫెసిలిటేషన్ కౌన్సిలే తరువాత ఆర్బిట్రేషన్ చేయవచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నాకు మెరుగ్గా తోచేది రెండు పద్ధతులనూ కలిపిన మూడో మార్గం. మీడియేషన్ విఫలమైనచోటే ఇరుపక్షాలూ సీల్డ్ కవర్లలో తుది ప్రతిపాదనలు ఇస్తాయి, ఆర్బిట్రేటర్ ఒకటి ఎంచుకుంటారు. రహస్యంగా విన్న మాటతో ఆయన కొత్త అంకె తయారు చేయలేరు కాబట్టి నష్టం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆ భాగానికి వేరొక ఆర్బిట్రేటర్‌ను పెట్టుకుంటే ఖర్చు పెరిగినా ఆ చిక్కు మిగలదు.

ఇక మీ పని విషయం. మన దేశంలో కేవలం ఫైనల్ ఆఫర్ ఆర్బిట్రేషన్ పేరుతో ఉద్యోగాలు దొరుకుతాయని ఆశించకండి. అవకాశం ఉన్నది ఇలాంటి క్లాజులు రాయడంలో, మీడియేషన్‌లో క్లయింటు తరఫున కూర్చోవడంలో, అంకెలకు ఆధారాలు కూర్చడంలో. క్లాజు రాసేటప్పుడు ప్రతిపాదనలు ఒకేసారి ఇచ్చిపుచ్చుకోవాలా, ఏ తేదీ వరకు సవరించుకోవచ్చు, వడ్డీ, ఖర్చులు ఆ అంకెలో కలిసి ఉంటాయా అన్నవి స్పష్టంగా ఉండాలి. 1996 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం, పార్టీలు వద్దని ఒప్పుకోకపోతే అవార్డులో కారణాలు రాయాలి. కారణాలు అక్కర్లేదనుకుంటే ఆ మాట కూడా క్లాజులోనే ఉండాలి.

ఈ ఏడాది కాస్ట్ అకౌంటింగ్, ప్రాథమిక గణాంకశాస్త్రం నేర్చుకోండి, నిర్మాణ ఒప్పందాల కొలతల బిల్లులు చదవడం అలవాటు చేసుకోండి. అమెరికాలోని టులేన్ లా స్కూల్ ఏటా విద్యార్థులకు బేస్‌బాల్ ఆర్బిట్రేషన్ పోటీ నిర్వహిస్తుంది, అక్కడికి వెళ్లకపోయినా ఆ నమూనాను మీ మూట్ కోర్టు సంఘంలో పెట్టుకోవచ్చు. ఒక ఊహా వివాదం తీసుకుని రెండు జట్లుగా విడిపోండి, అంకెలు కవర్లలో పెట్టండి, అధ్యాపకులను తమ అంకెను ముందే ఒక కాగితంపై రాసి దాచుకోమనండి. కవర్లు తెరిచాక మీ ప్రతిపాదన ఆ అంకెకు ఎంత దూరంలో ఉందో, ఆ తేడా ఏ ఆధారం లేకపోవడం వల్ల వచ్చిందో వరుసగా రాసి పెట్టుకోండి.