వెనక్కి వచ్చిన కుర్తీని మళ్లీ అమ్మాలా, బాగుచేయాలా, లాటులో ఇచ్చేయాలా?

ప్రశ్న: మేము విజయవాడ నుంచి ఆన్‌లైన్‌లో కుర్తీలు, డ్రెస్ సెట్లు అమ్ముతున్నాం. పంపినవాటిలో వందకు ముప్పై దాకా వెనక్కి వస్తున్నాయి. గోడౌన్‌లో గుట్టలు పడుతున్నాయి. ఏది మళ్లీ అమ్మాలి, ఏది బాగుచేయించాలి, ఏది వదిలించుకోవాలి అన్నది ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

నేను హైదరాబాదులో ఆన్‌లైన్ దుస్తుల వ్యాపారంలో రిటర్నుల పనిని కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. ఈ పనిలో నాకు గట్టిగా అర్థమైనది ఏమిటంటే, ప్రతి ముక్క భవిష్యత్తూ ప్యాకెట్ విప్పిన బల్ల దగ్గరే తేలిపోవాలి. "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టిన కుర్తీని మళ్లీ చేతిలోకి తీసుకునేసరికి దాని సీజను దాటిపోయి ఉంటుంది, దాని మీద పోర్టలులో నష్టపరిహారం క్లెయిము వేసే గడువు కూడా ముగిసి ఉంటుంది.

ముందుగా, వచ్చిన ప్యాకెట్లను విప్పకుండానే రెండు కుప్పలుగా వేరు చేయండి. డెలివరీ జరగకుండా తిరిగి వచ్చినవి, అంటే ఆర్‌టీఓ ప్యాకెట్లు, ఒక కుప్ప. కస్టమరు తీసుకుని, విప్పి, వెనక్కి ఇచ్చినవి మరొక కుప్ప. క్యాష్ ఆన్ డెలివరీ ఎక్కువగా ఉన్న చోట మొదటి కుప్పే పెద్దదిగా ఉంటుంది. వాటిని ఎవరూ తొడిగి చూడలేదు కనుక సీలు చెక్కుచెదరకుండా ఉంటే బరువు సరిచూసి, లేబులు మార్చి, అదే రోజు స్టాకులోకి ఎక్కించేయవచ్చు. చాలామంది ఈ రెండింటినీ ఒకే వరుసలో పెట్టి, ఏ దోషమూ లేని ఆర్‌టీఓ సరుకును కూడా తనిఖీ కోసం వారాల తరబడి ఆపేస్తారు. సీలు తేడాగా ఉన్న ఆర్‌టీఓను మాత్రం రెండో కుప్పలోనే వేయండి.

రెండో కుప్పకు కెమెరా కింద బల్ల ఉండాలి. కొరియరు లేబులు మీది ఏడబ్ల్యూబీ నంబరు, అంటే ఆ ప్యాకెట్ ట్రాకింగ్ నంబరు, స్పష్టంగా కనిపించే చోట మొదలుపెట్టి, ప్యాకెట్ కోసి, ముక్కను పూర్తిగా పరిచేవరకు వీడియో మధ్యలో ఆగకూడదు. మీ కొత్త కుర్తీకి బదులు పాత కుర్తీ వచ్చినప్పుడు క్లెయిము నిలబడేది ఈ వీడియో మీదే. విప్పకముందే తూకం వేయడం అలవాటు చేసుకుంటే, పంపినప్పటి బరువుతో పోల్చుకుని ఏ ప్యాకెట్‌ను ఎక్కువ జాగ్రత్తగా చూడాలో ముందే తెలిసిపోతుంది.

ముక్కను పరిచాక చూపు ఎప్పుడూ ఒకే క్రమంలో సాగాలి. మెడ లోపలి అంచు దగ్గర పౌడరు, ఫౌండేషను, లిప్‌స్టిక్ మరకలు ఉంటాయి. చంకల దగ్గర తడి గుర్తు, కింది అంచులో దుమ్ము, పక్క కుట్ల దగ్గర లాగిన ఆనవాళ్లు చూడాలి. తర్వాత బట్టను ముక్కు దగ్గరకు తెచ్చుకోవాలి. సబ్బు వాసన గానీ సెంటు వాసన గానీ వస్తే అది ఒకసారి కట్టి విడిచిన బట్టే. రేయాన్ కుర్తీ అయితే టేపుతో పొడవు కొలవండి. నలభై ఆరు అంగుళాలు ఉండాల్సింది నలభై నాలుగున్నర వస్తే, ట్యాగు ఎంత కొత్తగా ఉన్నా, అది నీళ్లలో మునిగిందని చాలావరకు చెప్పవచ్చు, ఎందుకంటే ముందుగా ష్రింక్ చేయని రేయాన్ మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది. ట్యాగు దారాన్ని కూడా లాగి చూడండి. తీసి మళ్లీ ముడివేసిన దారం చేతికి తెలుస్తుంది.

ఇక అసలు నిర్ణయానికి వద్దాం. ఇక్కడ లెక్క తప్పడానికి ప్రధాన కారణం, ఆ ముక్క మీద ఇప్పటిదాకా పెట్టిన ఖర్చును కూడా లెక్కలోకి లాగడం. కొన్న ధర, వెళ్లిన షిప్పింగు, వచ్చిన షిప్పింగు అన్నీ అయిపోయిన ఖర్చులు. ఏ దారి ఎంచుకున్నా అవి తిరిగి రావు. ఈ క్షణం నుంచి ఇంకా ఎంత పెట్టాలి, దానికి ఎంత చేతికి వస్తుంది అన్నది మాత్రమే తేల్చాలి. పైగా మళ్లీ అమ్మితే మళ్లీ వెనక్కి వచ్చే అవకాశం కూడా ఉంటుంది కనుక, అమ్మకపు ధరను చూసి మురిసిపోకూడదు.

ఉదాహరణకు 799 రూపాయలకు అమ్మే కుర్తీని తీసుకుందాం. పోర్టలు కమీషను, షిప్పింగు, జీఎస్టీ పోగా, కస్టమరు దగ్గరే ఉండిపోయిన ప్రతి ముక్కకూ మీ చేతికి 480 వస్తుందని, తిరిగి వచ్చిన ప్రతి ముక్కకూ రానూపోనూ 150 ఖర్చవుతుందని అనుకుందాం. వంద పంపితే డెబ్బై నిలుస్తాయి, ముప్పై వెనక్కి వస్తాయి. డెబ్బై మీద వచ్చే 33,600లో నుంచి ముప్పై మీద పోయే 4,500 తీసేస్తే 29,100 మిగులుతుంది, అంటే ముక్కకు 291. వెనక్కి వచ్చిన ముప్పై ముక్కలకు ఉన్న విలువను నేను కావాలనే కలపలేదు. లెక్క కాస్త తక్కువ వైపు ఉండటమే మేలు. మచ్చ లేని ముక్కకు కొత్త పాలీబ్యాగు, ఇస్త్రీ, మడత అన్నీ కలిపి 18 రూపాయలు అవుతుందంటే అక్కడ ఆలోచించాల్సినదేమీ లేదు, వెంటనే స్టాకులోకి వెళ్లాలి.

అదే కుర్తీ మెడ దగ్గర తొడిగి చూసినప్పుడు అంటిన మేకప్ మరక ఉందనుకోండి. శుభ్రం చేసి, ఇస్త్రీ చేసి, కొత్త కవరు వేయడానికి 45 రూపాయలు అవుతుంది, పదింటిలో ఆరింటికే మరక పూర్తిగా పోతుంది. పోనివాటిని, దోషం చెప్పి, లాటులో, అంటే గుత్తగా కొనేవాళ్లకు, ముక్క 70కి ఇవ్వవచ్చు. పది ముక్కలకు ఆరు 291లు, నాలుగు 70లు కలిపితే 2,026. ఖర్చు 450 పోతే 1,576. ఏమీ చేయకుండా పదీ లాటులో ఇస్తే 700. కనుక ఇక్కడ బాగుచేయించడమే సరి.

ఇప్పుడు 349 రూపాయల కుర్తీకి అదే మరక అంటిందని చూద్దాం. నిలిస్తే 190 వస్తుంది, వెనక్కి వస్తే 130 పోతుంది. వందకు 13,300లో 3,900 తీసేస్తే ముక్కకు 94. లాటు ధర 35. పది ముక్కల్లో ఆరు 94లు, నాలుగు 35లు కలిపితే 704. శుభ్రం చేసిన ఖర్చు 450 పోతే మిగిలేది 254 మాత్రమే. లాటులో నేరుగా ఇచ్చేస్తే 350 వచ్చేది. మరక ఒకటే, మనిషి కష్టం ఒకటే, ధర మారేసరికి నిర్ణయం తలకిందులైంది. అందువల్ల దోషాల వారీగా ఒకే నియమం పెట్టుకోకుండా, ఏ ధర పైనుంచి మరక తీయించాలి, ఏ ధర పైనుంచి కుట్టు వేయించాలి అన్న గీతను మీ సొంత ఖర్చులతో లెక్కగట్టి బల్ల ముందు గోడకు అంటించండి. పై అంకెలు పద్ధతి చూపడానికి వేసినవే. మీవి మీరు వేసుకోవాలి. ఆ గీత ఉంటే బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఎవరినీ అడగకుండా పని ముందుకు నడిపించగలుగుతుంది.

మరక ఉన్న ముక్కను దేన్నీ ముందుగా ఇస్త్రీ చేయకండి, ఎందుకంటే వేడి తగిలితే మరక బట్టలోకి పాతుకుపోతుంది. మేకప్ మరకలో నూనె ఉంటుంది కనుక గిన్నెలు తోమే ద్రవాన్ని కొద్దిగా నీళ్లలో కలిపి, మరక కింద తెల్ల గుడ్డ పెట్టి, దూదితో అద్దాలి. రేయాన్ తడిస్తే బలం తగ్గుతుంది, రుద్దితే నూలు లేచిపోతుంది, కనుక అద్దడమే తప్ప రుద్దడం పనికిరాదు.

ఒక హద్దు మాత్రం నేను ఏ లెక్కకూ దాటనివ్వను. చెమట వాసన వచ్చినది, ఉతికినది, పొడవు తగ్గినది ఎంత శుభ్రం చేసినా కొత్తదిగా అమ్మకూడదు. లోదుస్తులైతే సీలు తెగిన తర్వాత అసలు అమ్మకూడదు. డబ్బు ఇచ్చి కొత్త బట్ట కొన్నామనుకునే మనిషికి ఒకరు విడిచినది పంపడం మోసం. అలాంటి కుర్తీలను దోషం రాసి, ధర తగ్గించి, మీ వాట్సాప్ గ్రూపులోనో స్థానిక సేల్ స్టాలులోనో పెడితే తెలిసి కొనేవాళ్లు సంతోషంగానే కొంటారు.

కాలం విలువను ఎలా తినేస్తుందో మన పండుగల చుట్టూ బాగా కనిపిస్తుంది. బతుకమ్మకు, దసరాకు పంపిన జరీ అంచు సెట్లు తిరిగి చేరేసరికి దీపావళి కూడా దాటిపోతుంది. వాటిని కార్తీక మాసంలోనే శుభ్రం చేసి సిద్ధంగా ఉంచితే సంక్రాంతి ఆర్డర్లకు పనికివస్తాయి. అది కూడా దాటితే ఉగాదికి ధర తగ్గించి వదిలేయాలే తప్ప వచ్చే దసరా దాకా దాచకూడదు, ఎందుకంటే అప్పటికి ఆ డిజైను పాతబడి ఉంటుంది. రోజువారీ కాటన్ కుర్తీలకు ఈ తొందర లేదు. పనివాళ్లు తక్కువగా ఉంటే ముందు పండుగ సరుకునే బల్ల ఎక్కించండి.

లాటుకు కూడా పనికిరాని చిరుగుల సరుకు ఎప్పుడూ కొంత మిగులుతుంది. మెత్తని కాటన్ అయితే మెకానిక్ షెడ్లకు తుడుపు గుడ్డలుగా తూకానికి పోతుంది. పాలిస్టరు కాటన్‌లా తడిని పీల్చదు కనుక దాన్ని వాళ్లు సాధారణంగా తీసుకోరు. దానికి వేస్ట్ క్లాత్ వ్యాపారిని వెతకాలి. పానీపట్ వంటి చోట్ల పాత బట్టను చీల్చి మళ్లీ నూలు చేసే పరిశ్రమ ఉంది, మన దగ్గరి వ్యాపారుల్లో కొందరు సరుకును అటు పంపుతారు. ఎవరికి ఇచ్చినా ముందు బ్రాండు లేబులు, ట్యాగు కత్తిరించేయండి. లేకపోతే అదే ట్యాగు మరో చింకి బట్టకు తగిలి మీకే రిటర్నుగా తిరిగి రావచ్చు. ఇంకొక సంగతి, సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)(హెచ్) ప్రకారం ధ్వంసం చేసిన, రైట్ ఆఫ్ చేసిన, ఉచితంగా ఇచ్చిన సరుకు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ దక్కదు. తక్కువ ధరకైనా బిల్లు రాసి అమ్మితే అది అమ్మకమే. చెత్తలో వేసే ముందు దీన్ని మీ ఆడిటరుతో మాట్లాడుకోండి.

చివరగా, బల్ల దగ్గర ప్రతి ముక్కకూ మీరు కనిపెట్టిన కారణాన్ని రాయించండి. కస్టమరు పోర్టలులో నొక్కిన కారణాన్ని మాత్రమే నమ్మవద్దు. మా దగ్గర ఒక డిజైనులో ఎల్ సైజు మాత్రమే పదే పదే "నచ్చలేదు" అన్న కారణంతో వచ్చేది. టేపు పెట్టి చూస్తే ఛాతీ దగ్గర సైజు చార్టు కంటే రెండు అంగుళాలు తక్కువ, అంటే సరిగ్గా మా ఎం కొలత. దర్జీ యూనిటులో ఆ బ్యాచి కటింగే తప్పింది. ఆ ముక్కలకు ఉతుకూ, మరమ్మతూ ఏదీ అవసరం లేకపోయింది. మెడ వెనుక సైజు లేబులు విప్పి ఎం లేబులు కుట్టి, ట్యాగు మార్చి, ఎం సైజు కింద స్టాకు ఎక్కించాం. ఇంకా పంపని ఎల్ స్టాకును కూడా అదే రోజు ఆపి కొలిచాం. మీ గుట్టలో కూడా ఒకే డిజైను, ఒకే సైజు ఎక్కువగా కనిపిస్తే, విడివిడిగా బాగుచేయించే ముందు ఓ నాలుగు ముక్కలు తీసి ఛాతీ, పొడవు, చేతి చుట్టు కొలిచి చూడండి.