రెస్టారెంట్ యాక్సెప్ట్ చెయ్యని ఆర్డర్‌ని క్యాన్సిల్ చేస్తే డబ్బులు పోతాయా?

ప్రశ్న: మాది భీమవరం. మొన్న ఆదివారం రాత్రి 8.10కి యాప్‌లో రొయ్యల పలావు, ఇంకో రెండు ఐటమ్స్ పెట్టి 640 రూపాయలు యూపీఐలో కట్టాను. అరగంటైనా రెస్టారెంట్ యాక్సెప్ట్ చెయ్యలేదు. క్యాన్సిల్ చేస్తే డబ్బులు మొత్తం పోతాయని స్క్రీన్ మీద వచ్చింది, భయపడి ఆగిపోయాను. 9 దాటాక వాళ్లే క్యాన్సిల్ చేసి డబ్బు యాప్ వాలెట్‌లో వేశారు. ఇలాంటప్పుడు నేనేం చెయ్యొచ్చు? లేటైన ప్రతి రోజుకీ బ్యాంకు వంద ఇస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: అంతసేపు భయపడక్కర్లేదండి. ఆర్డర్ పెట్టి డబ్బు కట్టినా చట్టం లెక్కలో అది మీ వైపు నుంచి ఆఫర్ మాత్రమే, అవతలివాళ్లు ఒప్పుకుంటేనే కాంట్రాక్ట్. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 5 చెప్పేది ఇదే, వాళ్లు యాక్సెప్ట్ చేసి ఆ మాట మీ వైపు పంపించేలోపు మీ ఆఫర్‌ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. "మీ ఆర్డర్ అందింది" అని యాప్ పంపే మెసేజ్ రసీదులాంటిది, రెస్టారెంట్ ఒప్పుకున్నట్టు కాదు. మీరు చూసిన ఆ వార్నింగ్ మామూలుగా వంట మొదలయ్యాక క్యాన్సిల్ చేసేవాళ్ల కోసం పెట్టేది, దాన్ని వెయిటింగ్‌లో ఉన్న ఆర్డర్‌కి కూడా చూపిస్తే మాత్రం గట్టిగా అడగాలి. పైగా 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం, తాము ఏకపక్షంగా క్యాన్సిల్ చేసినప్పుడు అలాంటి ఛార్జీ తాము భరించని కంపెనీ కస్టమర్ దగ్గర క్యాన్సిలేషన్ ఛార్జీ వసూలు చెయ్యకూడదు.

అయితే ఒక తిరకాసుంది, మీరు క్యాన్సిల్ నొక్కే ముందే అక్కడ వాళ్లు యాక్సెప్ట్ నొక్కేస్తే కాంట్రాక్ట్ అయిపోయినట్టే. అందుకే ముందు టైమ్ కనపడేలా వెయిటింగ్ స్క్రీన్‌ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే క్యాన్సిల్ నొక్కండి. బటన్ పనిచెయ్యకపోతే యాప్‌లోపలి చాట్‌లో "8.10కి పెట్టిన ఆర్డర్ ఇంకా యాక్సెప్ట్ అవ్వలేదు, నేను క్యాన్సిల్ చేస్తున్నాను, 640 నా బ్యాంక్ ఖాతాకే వెయ్యండి" అని రాసి దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆదివారం రాత్రి కౌంటర్ దగ్గర పార్శిళ్ల కోసం జనం మూగి ఉంటే ట్యాబ్ మోగుతున్నా ఎవరూ చూసుకోకపోవచ్చు, అందుకని హోటల్‌కి ఫోన్ చేసి ఆర్డర్ వచ్చిందా లేదా అని ఒక్క ముక్క అడగండి. "క్యాన్సిల్ చేసి మాకు ఫోన్‌పేలో పంపెయ్యండి" అంటే ఒప్పుకోకండి, అప్పుడు ఏ తేడా వచ్చినా యాప్‌వాళ్లు మాకు సంబంధం లేదంటారు. మొదటిది క్యాన్సిల్ అయినట్టు స్క్రీన్ మీద కనపడకుండా ఇంకో చోట ఆర్డర్ పెట్టారంటే రెండూ వచ్చి కూర్చుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ దొంగ నంబర్లు ఉంటాయి, డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఇక వాలెట్ సంగతి. యాప్‌ల తరఫున ఆన్‌లైన్ పేమెంట్లు తీసుకునే పేమెంట్ అగ్రిగేటర్ కంపెనీలకి ఆర్‌బీఐ పెట్టిన రూల్స్‌లో, కస్టమర్ వేరేలా ఒప్పుకుంటే తప్ప డబ్బు ఎందులోంచి వచ్చిందో రీఫండ్ అందులోకే వెయ్యాలని ఉంది. క్యాన్సిల్ అప్పుడు "వెంటనే వాలెట్‌లోకి" అన్న ఆప్షన్ తొందర్లో మీరే నొక్కారేమో ముందు చూసుకోండి, నొక్కితే ఒప్పుకున్నట్టే అంటారు. నొక్కకపోతే బ్యాంక్ ఖాతాకే వెయ్యమని అడిగే హక్కు మీకుంది.

బ్యాంకు రోజుకి వంద ఇస్తుందనేది మీకు వర్తించదు. ఆర్‌బీఐ 2019 సర్క్యులర్‌లో ఆ వంద, యూపీఐలో మీ ఖాతాలో డబ్బు కట్ అయి వ్యాపారికి కన్ఫర్మేషన్ అందకుండా పోయి, ఐదు రోజుల్లోపు వెనక్కి రాకపోతే ఇచ్చేది. మీ పేమెంట్ సక్సెస్ అయింది, ఆర్డర్ ఒక్కటే ఫెయిలైంది, కాబట్టి ఇది కంపెనీ ఇవ్వాల్సిన రీఫండ్, బ్యాంకు మీద కోపగించుకుని లాభం లేదు.

చాట్‌లో తేలకపోతే యాప్‌లో ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఆర్డర్ నంబర్, యూపీఐ పేమెంట్ వివరాల్లో కనపడే యూటీఆర్ నంబర్, స్క్రీన్‌షాట్లతో మెయిల్ పెట్టండి, ఫిర్యాదు అందిందని వాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, ఇవి కూడా ఆ 2020 రూల్సే. అప్పటికీ కదలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చెయ్యండి, ఇలాంటి చిన్న మొత్తాలకి నేను ముందు ఇదే చెప్తాను. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు, మీరు ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, రెండేళ్ల గడువుంది. కానీ 640 ఎలాగూ వాలెట్‌లో ఉంది కాబట్టి, గంట ఆకలితో కూర్చున్నందుకు వేలల్లో నష్టపరిహారం వస్తుందని ఎవరైనా వకీలు చెప్తే నమ్మొద్దండి, ఆ వాలెట్ డబ్బు ఖాతాలోకి తెప్పించుకుంటే చాలు.