నింటెండో స్విచ్ 2 గేమ్ బాక్సులో కార్డు ఉంది, గేమ్ మాత్రం లేదు. ఎందుకు?

అడిగినది: "స్విచ్ 2 కోసం స్ట్రీట్ ఫైటర్ 6 బాక్స్ కొన్నాను. లోపల కార్డు ఉంది, పెడితే 50 జీబీ డౌన్‌లోడ్ చేయమంటోంది. కార్డు పాడైందా? వాపసు ఇచ్చేయాలా?"

కార్డు బాగానే ఉందండీ, వాపసు అక్కర్లేదు. మీరు కొన్నది గేమ్-కీ కార్డ్. అందులో గేమ్ ఉండదు, గేమ్ దించుకోవడానికీ తెరవడానికీ పనికొచ్చే తాళంచెవి మాత్రమే ఉంటుంది. కార్డు పెట్టగానే కన్సోల్ నింటెండో సర్వర్ నుంచి మొత్తం గేమ్‌ని దించుకుంటుంది. ఆ తర్వాత ఆడాలన్న ప్రతిసారీ కార్డు లోపల ఉండాల్సిందే. నెట్ మాత్రం మొదటిసారి తెరిచేటప్పుడు ఉంటే చాలు, తర్వాత లేకపోయినా గేమ్ నడుస్తుంది.

నాకిది ఎలా తెలిసిందో చెప్తాను, ఎందుకంటే మీకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డాను. మేం డాలస్ దగ్గర ఉంటాం. పోయినసారి ఇండియా వెళ్తూ గుడివాడ దగ్గర పల్లెలో ఉండే మా అక్క కొడుక్కి కన్సోల్, ఒక గేమ్ బాక్స్ తీసుకెళ్లాను. వాడే తెరవాలని రెండిటికీ సీల్ కూడా తీయలేదు. వాడు తెరిచి, ఆ చిన్న కార్డు పెట్టాడు. తెర మీద డౌన్‌లోడ్ అని వచ్చింది, అదీ 50 జీబీకి దగ్గర్లో. అక్క వాళ్లింట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే గతి, ఆ ఫోన్‌లో ఉన్నది రోజుకి 1.5 జీబీ ప్లాను. లెక్కేస్తే నెల పైన పడుతుంది, నేను ఉండేదే మూడు వారాలు. "మావయ్యా, కార్డులో గేమ్ ఉంటుందన్నావు కదా" అని వాడు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

చివరికి కన్సోల్ తీసుకుని గుడివాడలో ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లాం. అక్కడ 30 ఎంబీపీఎస్. సెకనుకి 30 మెగాబిట్లంటే 50 జీబీకి దాదాపు మూడు గంటల నలభై నిమిషాలు, మధ్యలో కరెంటు పోయింది కాబట్టి మాకు సాయంత్రం దాకా పట్టింది. మంచి విషయం ఏమిటంటే ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైంది, మొదటికి రాలేదు. అక్కడే ఒకసారి గేమ్ తెరిచి చూసుకుని ఇంటికి తెచ్చాం. ఆ రోజు నుంచి పల్లెలో నెట్ లేకుండానే ఆడుతున్నాడు. బయల్దేరే ముందే డాలస్‌లో సీల్ తీసి దించేసి, ఒకసారి తెరిచి చూసి ఉంటే ఈ టెన్షన్ ఏదీ ఉండేది కాదు. ఊరికి తీసుకెళ్లేవాళ్లెవరైనా దయచేసి అలా చేయండి.

కొనేముందు ఎలా తెలుస్తుందంటే, బాక్స్ ముందు వైపు కింది భాగంలో తెల్ల పట్టీ ఉంటుంది, దాని మీద తాళంచెవి బొమ్మ, గేమ్-కీ కార్డ్ అన్న పేరు, పూర్తి గేమ్‌ని ఇంటర్నెట్ నుంచి దించుకోవాలన్న మాట, ఎంత ఖాళీ కావాలో జీబీల్లో రాసి ఉంటుంది. ఆన్‌లైన్లో కొంటే ఫొటోని పెద్దది చేసి ఆ కింది భాగమే చూడండి, అమ్మేవాడు రాసిన వివరాల్లో ఈ మాట చాలాసార్లు కనపడదు.

ఖాళీ సంగతి కూడా చూసుకోండి. కన్సోల్‌లో ఉండేది 256 జీబీ, అందులో కొంత సిస్టమ్‌కే పోతుంది. 50 జీబీ గేములు నాలుగు పెడితే దాదాపు నిండినట్టే. పాత స్విచ్‌లో వాడిన మామూలు మైక్రో ఎస్డీ కార్డు దీంట్లో గేములకి పనికిరాదు, మైక్రో ఎస్డీ ఎక్స్‌ప్రెస్ అనేదే కొనాలి, అది మామూలుదానికంటే బాగా ఖరీదు. చోటు కోసం గేమ్ తీసేస్తే మళ్లీ ఆడాలన్నప్పుడు ఆ 50 జీబీ మళ్లీ దించుకోవాలి.

ఇక కార్డులో గేమ్ పెట్టకుండా ఎందుకు అమ్ముతున్నారంటే, కార్డు అంటే ఫ్లాష్ మెమరీ. డిస్క్ అచ్చు వేసినంత చౌకగా రాదు, గేమ్ పెద్దదైతే ప్రతి కాపీ మీదా ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చు పబ్లిషర్ పెట్టుకోవాలి. ఇది ఒక కారణం. రెండోది వేగం. కార్డు నుంచి చదవడం కన్సోల్ లోపలి మెమరీ నుంచి చదివినంత వేగంగా జరగదు. స్టార్ వార్స్ అవుట్‌లాస్ కీ కార్డ్‌గా రావడానికి కారణం ఇదేనని, గేమ్‌ని నడిపే తమ ఇంజిన్, మనం ఆడుతుండగానే డేటాని నిరంతరం లాగుతుందని, కార్డు ఆ వేగం అందుకోలేకపోయిందని యూబీసాఫ్ట్ ఇంజినీర్ ఒకాయన చెప్పారు. ఆ మాట నేను నమ్ముతాను. కానీ అన్ని గేములకీ అదే కారణం అంటే మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే సైబర్‌పంక్ 2077 లాంటి భారీ గేమ్‌ని 64 జీబీ కార్డులో పూర్తిగా పెట్టి అమ్మారు. చిన్న గేముల్ని కూడా కీ కార్డ్ మీద అమ్ముతున్నారు, బ్రేవ్లీ డిఫాల్ట్ రీమాస్టర్ అలాంటిదే. అక్కడ నాకు కనిపించేది ఖర్చు మిగుల్చుకోవడమే.

దీన్ని కోడ్ బాక్సుతో మాత్రం కలపకండి. అందులో కార్డే ఉండదు, కార్డు పెట్టే చోటు ఖాళీగా ఉంటుంది, 16 అక్షరాల కోడ్ ఉన్న కాగితం ఒకటి ఉంటుంది. కోడ్ ఒకసారి ఖాతాలో వేస్తే గేమ్ ఆ ఖాతాకే అంటుకుపోతుంది, తర్వాత ఎవరికీ ఇవ్వలేం, అమ్మలేం. పైగా కోడ్ ఏ ప్రాంతపు స్టోర్‌దైతే ఖాతా కూడా ఆ ప్రాంతానిదే అయి ఉండాలి. ఇండియాలో దొరికేవి ఎక్కువగా బయటి నుంచి తెచ్చినవే, అందుకే కోడ్ బాక్స్ చేతికొస్తే అది ఏ దేశానిదో ముందు అడగండి. ఇక్కడ డాలస్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో నేను అలాంటిది తెలియక తీసుకున్నాను, ఇంటికొచ్చి కోడ్ కొడితే ఇప్పటికే వాడేశారని వచ్చింది. షాపువాళ్లు బాక్స్ తెరిచానని డబ్బు తిరిగివ్వలేదు. అందుకే వాడిన కోడ్ బాక్స్ ఏ ధరకైనా కొనకండి.

కీ కార్డ్‌కి ఆ బెడద లేదు. అది ఏ ఖాతాకీ, ఏ కన్సోల్‌కీ కట్టిపడేసి ఉండదు. మీరు ఆడేశాక తమ్ముడికిచ్చినా, అమ్మేసినా, వాళ్ల స్విచ్ 2లో పెట్టి దించుకుని ఆడుకుంటారు. మీ కన్సోల్‌లో మిగిలిన గేమ్ కార్డు లేకుండా తెరుచుకోదు, తీసేసి చోటు మిగుల్చుకోండి.

నాకు నిజంగా బాధనిపించేది ఇంకొకటి. ఈ కార్డు విలువంతా సర్వర్ ఉన్నంత కాలమే. నింటెండో పాత కన్సోళ్లు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ స్టోర్లలో కొనడం 2023 మార్చిలో ఆపేశారు, అప్పటికే కొన్నవాటిని దించుకోవడం మాత్రం ఆ తర్వాత కూడా ఉంచారు. స్విచ్ 2కి కూడా చాలా ఏళ్లు ఉంచుతారు, కానీ ఎప్పటిదాకా అన్నది మన చేతిలో లేదు. జపాన్ జాతీయ గ్రంథాలయం గేములని కూడా భద్రపరుస్తుంది, వాళ్లు కూడా కీ కార్డులో అసలు విషయం లేదు కాబట్టి సేకరణలోకి తీసుకోబోమన్నారు. మా మేనల్లుడు పెద్దయ్యాక వాడి పిల్లలకి ఆ కార్డు చూపించి ఆడించలేకపోవచ్చు, పూర్తి గేమ్ ఉన్న కార్డయితే పనిచేసే కన్సోల్ ఒకటి దొరికితే చాలు. అందుకే నేను దాచుకోవాలనుకున్నవి పూర్తి కార్డులో ఉంటేనే కొంటున్నాను, ఆడేసి అమ్మేద్దామనుకున్నవి కీ కార్డ్ అయినా తీసుకుంటున్నాను.

మీ విషయానికి: కన్సోల్‌లో 50 జీబీ కంటే కొంచెం ఎక్కువే ఖాళీ ఉందో లేదో చూసుకుని, రాత్రి పడుకునే ముందు ఛార్జర్ పెట్టి డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. 100 ఎంబీపీఎస్ నెట్ నిజంగా అంత వస్తే గంట, గంటంపావు. పొద్దున నెట్ ఉండగానే ఒకసారి గేమ్ తెరవండి, తర్వాత ఎక్కడికి తీసుకెళ్లినా ఆడుతుంది, కార్డు మాత్రం మర్చిపోకండి.