ఇంటి మొత్తానికి పెద్ద స్టెబిలైజర్ కొనే ముందు ఇది చదవండి

ప్రశ్న: మాది పల్లెటూరు, కరెంట్ రోజుకి నాలుగైదు సార్లు పోతుంది, ఉన్నప్పుడు కూడా ఒకసారి 150, ఒకసారి 260. కొత్తగా టీవీ, ఫ్రిజ్ కొన్నాం, నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి వైఫై, ల్యాప్‌టాప్ కూడా ఆగకూడదు. ఇంటి మొత్తానికి కలిపి ఒక పెద్ద స్టెబిలైజర్ పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు:

సరిపోదండి. నేను కూడా ఇలాగే అనుకుని 5 కేవీఏ మెయిన్‌లైన్ స్టెబిలైజర్ కొని, ఏడాది తిరగకుండా తీసి పక్కన పెట్టాను, ఇప్పుడు అది మా వసారాలో స్టూల్‌లా పనికొస్తోంది. మాది మార్కాపురం వైపు పల్లె, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇళ్లూ ఉన్నాయి బోర్లూ ఉన్నాయి, త్రీ ఫేజ్ ఇచ్చిన టైమ్‌లో మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, అప్పుడు మా ఇంట్లో 155 నుంచి 170, అర్ధరాత్రి అందరూ పడుకున్నాక 250 దాటుతుంది.

ముందు ఒక సంగతి. టీవీ, ల్యాప్‌టాప్ ఛార్జర్, వైఫై బాక్స్, ఫోన్ ఛార్జర్, వీటికి తక్కువ వోల్టేజ్ పెద్ద లెక్క కాదు. ఛార్జర్ మీద సన్న అక్షరాల్లో చూడండి, 100-240V అని ఉంటుంది, అంటే 150కి కూడా హాయిగా పనిచేస్తుంది, టీవీ వెనక స్టిక్కర్ మీద కూడా చాలావాటికి ఇలాగే ఉంటుంది. వీటిని చంపేది తక్కువ కాదు, ఎక్కువ. అదీ 260 కాదు, ఒక్కోసారి 300 పైకి పోయే వోల్టేజ్, అది వచ్చేది న్యూట్రల్ తెగినప్పుడు.

నా టీవీ పోయింది అలాగే. ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకి అన్నం తింటుంటే ఫ్యాన్ ఉన్నట్టుండి స్పీడ్ పెరిగింది, బల్బు తెల్లగా వెలిగింది, అమ్మ "ఇవాళ కరెంట్ బాగా వస్తోందిరా" అంది కూడా, ఆ మాట పూర్తవకముందే టీవీ వెనక నుంచి టప్పుమని శబ్దం, కాలిన వాసన. తర్వాత తెలిసింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ వైరు ఊడిందని. టీవీ మెకానిక్ బోర్డు తీసి చూపించాడు, నల్లటి పెద్ద కెపాసిటర్ తల ఉబ్బి పగిలింది, దాని మీద 450V అని రాసుంది. లెక్క చూడండి, 230 ఏసీ లోపల డీసీ అయ్యేసరికి దాదాపు 325 అవుతుంది, అక్కడికి 450 కెపాసిటర్ నిక్షేపంగా ఉంటుంది, అదే ఇంట్లోకి 350 వస్తే లోపల 495 అవుతుంది, ఇంకేం తట్టుకుంటుంది.

న్యూట్రల్ పోతే వోల్టేజ్ ఎందుకు పెరుగుతుంది అంటారా, ఊర్లో ఇళ్లన్నీ మూడు ఫేజుల మీద పంచి ఉంటాయి, ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య 230, కానీ ఫేజ్‌కి ఫేజ్‌కి మధ్య 400. మధ్యలో న్యూట్రల్ లేకపోతే మీ ఇల్లు, వేరే ఫేజ్ మీదున్న ఇల్లు ఒకదాని వెనక ఒకటి తగిలించినట్టు అయిపోయి ఆ 400ని పంచుకుంటాయి, సమానంగా కాదు, ఎవరింట్లో లోడ్ తక్కువో వాళ్లకి ఎక్కువ వోల్టేజ్. పాపం రెండు బల్బులు, టీవీ మాత్రమే వేసుకున్న ఇంటికే దెబ్బ. కొందరిళ్లలో లైట్లు మరీ డల్‌గా, కొందరిళ్లలో మరీ ఎక్కువగా వెలుగుతుంటే అది ఇదే, వెంటనే మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చేయండి, తర్వాత చూద్దాంలే అని కూర్చోవద్దు. మామూలు స్టెబిలైజర్ చాలావరకు 280, 300 దగ్గర కట్ ఆఫ్ అవుతుంది గానీ ఆ పైన వచ్చే దానికి దాని లోపలి కార్డే ముందు కాలిపోవచ్చు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో మీటర్, మెయిన్ ఎంసీబీ తర్వాత మొట్టమొదట ఉండేది ఓవర్ అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. ఎంసీబీ పక్కనే పట్టే చిన్న డబ్బా, ముందు అంకెల్లో వోల్టేజ్ చూపిస్తుంది. ఇది వోల్టేజ్‌ని సరిచేయదు, హద్దు దాటితే ఇంటి మొత్తానికి కరెంట్ ఆపేస్తుంది, మళ్లీ మామూలయ్యాక తనే ఇస్తుంది. 63 ఆంప్స్‌ది తీసుకున్నాను, ముందున్న ఎంసీబీ 32, అంటే ఎంసీబీ ఎప్పుడూ ప్రొటెక్టర్ కంటే చిన్నదే ఉండాలి. పైన ఇన్‌కమింగ్, కింద అవుట్‌గోయింగ్ తలకిందులు చేయకుండా డబ్బా మీద బొమ్మ చూసి ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి, స్క్రూలు గట్టిగా బిగించమనండి, లూజ్‌గా వదిలేస్తే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

సెట్టింగ్ దగ్గర నేను తప్పు చేశాను. పై హద్దు 265 పెట్టాను, అది బాగానే ఉంది, కింద హద్దు మాత్రం జాగ్రత్త ఎక్కువై 180 పెట్టాను, దాంతో బోర్లు నడిచినంతసేపూ ఇల్లంతా చీకటి. పక్కింట్లో టీవీ ఆడుతుంది, మా ఇంట్లో లేదు, ఇంట్లో వాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు 145 పెట్టాను. కరెంట్ వచ్చాక ఎంతసేపు ఆగి ఇవ్వాలి అనేది 180 సెకన్లు, ఎందుకంటే మా దగ్గర కరెంట్ వచ్చేటప్పుడు ఒకేసారి సాఫీగా రాదు, వచ్చి పోయి వచ్చి పోయి రెండు నిమిషాలు ఆటలాడి అప్పుడు నిలబడుతుంది. ఆ మూడు నిమిషాలు లైట్లు ఇన్వర్టర్ మీద వెలుగుతాయి కాబట్టి ఎవరికీ తెలీదు.

ఇక స్టెబిలైజర్, అది ఫ్రిజ్‌కి మాత్రమే. వోల్టేజ్ 150 ఉంటే పాత రకం కంప్రెసర్ లేవలేదు, ఊఁ అని మూలుగుతుంది, కాసేపటికి వెనక నుంచి కటక్ అని శబ్దం వచ్చి ఆగుతుంది, మళ్లీ కొన్ని నిమిషాలకి అదే తంతు, ఇలా రోజూ జరిగితే వైండింగ్ కాలుతుంది. మా ఫ్రిజ్‌కి 0.5 కేవీఏ చాలింది. కేవీఏ కంటే ముఖ్యం డబ్బా మీద వర్కింగ్ రేంజ్, మీ ఊర్లో కనిష్ఠం 150 అంటే 130 నుంచి పనిచేసేది తీసుకోండి, షాపులో మామూలుగా ఇచ్చే 170 రకం వద్దు, అది సరిగ్గా మీకు కావాల్సిన టైమ్‌కే చేతులెత్తేస్తుంది. కరెంట్ వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చేది ఉంటే మంచిది, ఆగిన కంప్రెసర్‌లో గ్యాస్ ప్రెషర్ దిగకముందే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. మీది ఇన్వర్టర్ కంప్రెసర్ ఫ్రిజ్ అయితే ముందు దాని పుస్తకం చూడండి, స్టెబిలైజర్ లేకుండా ఎంత నుంచి ఎంత వరకు నడుస్తుందో అందులో ఉంటుంది, అనవసరంగా కొనొద్దు.

మరి ఇంటి మొత్తానికి పెట్టింది ఎందుకు తీసేశానంటే, స్టెబిలైజర్ కరెంట్‌ని పుట్టించదు కదా, వోల్టేజ్ పెంచడానికి లైన్ నుంచి ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. 3000 వాట్ల లోడ్ 230 దగ్గర 13 ఆంప్స్ తీసుకుంటే, లైన్ 150 ఉన్నప్పుడు అదే లోడ్‌కి స్టెబిలైజర్ 20 ఆంప్స్ లాగుతుంది. మా సర్వీస్ వైరు సన్నది, దూరం ఎక్కువ, 20 ఆంప్స్‌కి వైర్లోనే ఇంకో పది పదిహేను వోల్టులు పడిపోయేవి, అది చూసి స్టెబిలైజర్ ఇంకా పెంచేది, చివరికి అది కట్ ఆఫ్, రాత్రంతా టక్ టక్ టక్ అని లోపల స్విచ్‌లా మారే రిలే శబ్దం, ఆ శబ్దం విన్నవాడికే తెలుస్తుంది ఆ బాధ.

ఇంకోటి, ఏదైనా కొనే ముందు రోగం మీ ఇంట్లో ఉందా ఊర్లో ఉందా చూడండి. సాకెట్లో మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూసి, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె వేసి మళ్లీ చూడండి. రెండు మూడు వోల్టులు తగ్గితే మామూలే. నాకు 226 నుంచి 205కి పడింది, 21 వోల్టులు! మీటర్ దగ్గర చూస్తే పోల్ నుంచి వచ్చే అల్యూమినియం వైరుకి ఇంటి రాగి వైరు ఉత్తగా మెలిపెట్టి ఉంది, తెల్లగా పొడి పట్టి నల్లగా కాలింది. లైన్‌మెన్‌తో సరైన కనెక్టర్ వేయించాక అదే ఇస్త్రీ పెట్టెకి 6 వోల్టులే తగ్గింది. స్టెబిలైజర్‌కి పోసిన డబ్బులు చూసుకుంటే ఈ కనెక్టర్ ఖరీదు టీ ఖర్చు. అలాగే న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య కూడా కొలవండి, రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి, పది పదిహేను చూపిస్తూ లోడ్ పెరిగే కొద్దీ పెరుగుతుంటే న్యూట్రల్ ఎక్కడో లూజ్, ఎర్తింగ్ ఎండిపోయి ఉంటే మాత్రం ఈ కొలతని నమ్మలేం. మా వైపు ఎండాకాలం ఎర్త్ గుంటలో నీళ్లు పోయకపోతే అది ఉన్నా లేనట్టే.

వైఫై, ల్యాప్‌టాప్ సంగతి. ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటుంది, కొన్నింటికి ముందు వైపు. యూపీఎస్‌లో పెడితే లైన్ 180 కిందకి రాగానే బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది, మా లాంటి ఊర్లో కరెంట్ ఉండి కూడా సాయంత్రమంతా బ్యాటరీ ఖాళీ అవుతుంది, తీరా కరెంట్ నిజంగా పోయాక గంటకే కుయ్ కుయ్. నార్మల్‌లో పెట్టండి, బాగా తక్కువ వోల్టేజ్ దాకా లైన్ మీదే నడుస్తుంది, ల్యాప్‌టాప్‌కి ఎలాగూ సొంత బ్యాటరీ ఉంది. నార్మల్‌లో మారేటప్పుడు కాస్త ఆలస్యం అవుతుంది కాబట్టి వైఫై బాక్స్ ఆగి మళ్లీ లేస్తుంది, మీటింగ్ మధ్యలో రెండు నిమిషాలు పోయినట్టే. దానికి రూటర్ కోసం అమ్మే 12 వోల్ట్ మినీ యూపీఎస్ పెట్టాను, అడాప్టర్ మీద వోల్టులు, ఆంప్స్ చూసి సరిపోయేది కొనండి, ఫైబర్ బాక్స్ విడిగా ఉంటే దానికీ కావాలి. డెస్క్‌టాప్ అయితే మాత్రం నార్మల్ పనికిరాదు, రీస్టార్ట్ అవుతుంది.

పిడుగుకి ఇవేవీ ఆగవు, ఉరుములు మొదలైతే టీవీ ప్లగ్, డిష్ కేబుల్ రెండూ పీకేస్తాం.

ప్రొటెక్టర్ పెట్టించాక ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే పరీక్ష చేయించండి. లైన్ అప్పుడు 232 ఉందనుకోండి, పై హద్దు 230కి దించి చూడండి, టక్కున ఆగిపోవాలి. కొన్నింట్లో పై హద్దు అంత కిందకి రాదు, అప్పుడు కింద హద్దునే పైకి జరిపి చూడొచ్చు. మా పక్కింటాయన పెట్టించుకున్నది ఆరు నెలలు అంకెలు చక్కగా చూపించింది, ఈ పరీక్ష చేస్తే ఆగలేదు, లోపల రిలే కాంటాక్ట్ అతుక్కుపోయి ఉంది. నేను సెట్టింగులు మళ్లీ 265, 145కి మార్చి నెలకోసారి అలా చూస్తుంటాను.